ఇచ్చాడా? ఇచ్చానా?

మా అక్క విజయవాడలో ఇంటి నుంచే కామర్స్ పిల్లలకు అకౌంట్స్ చెబుతుంది. రాత్రి ఎనిమిదింటికి లైవ్ క్లాసు. ల్యాప్‌టాప్‌లో ఎక్సెల్ షీటు తెరిచి, ఒక మాట చెప్పి ఒక ఎంట్రీ వేసి, మళ్లీ ఒక మాట చెప్పి ఇంకో ఎంట్రీ వేసి చూపిస్తుంది. పోయిన కార్తీక మాసంలో ఒకరోజు క్లాసు మధ్యలో ఒక కుర్రాడు చాట్‌లో అడిగాడు: "మేడమ్, పది వేలు ఇచ్చాడా, ఇచ్చానా?"

అక్క అన్నది "ఐదో తారీఖున పది వేలు ఇచ్చాడు" అని. పిల్లలకు చేరింది మాత్రం "ఇచ్చా". మన వాడుకలో "ఇచ్చా" అంటే నేను ఇచ్చాను అనేగా అర్థం. వచ్చిన డబ్బు కాస్తా పోయిన డబ్బు అయిపోయింది. డెబిట్ వేయాల్సిన చోట సగం మంది క్రెడిట్ వేసుకున్నారు.

క్లాసు అవగానే ఫోన్ చేసింది. "ఒరేయ్, పగలంతా ఆ డబ్బింగ్ స్టూడియోలో గొంతులు కోసి అతికిస్తుంటావుగా, నా గొంతుకేమైందో చూడు."

గొంతుకేం కాలేదు. వారం క్రితమే పిల్లలు "మేడమ్, కీబోర్డు టకటకా వినపడుతోంది, మీరు ఊపిరి పీల్చడం కూడా వినపడుతోంది" అన్నారట. అక్క ఎవరిదో వీడియో చూసి, లైవ్ పంపడానికి వాడే ఓబీఎస్ సాఫ్ట్‌వేర్‌లో నాయిస్ గేట్ పెట్టుకుంది. టకటకలు పోయాయి, ఊపిరి పోయింది, వాటితోపాటు మాట చివరి "డు" కూడా పోయింది.

నాయిస్ గేట్‌ను చాలామంది రొదను ఏరి పారేసే జల్లెడ అనుకుంటారు. అది జల్లెడ కాదు, తలుపు. మైకు నుంచి వచ్చే శబ్దం ఒక స్థాయి దాటితే తెరుచుకుంటుంది, ఆ స్థాయి కిందికి పడితే మూసుకుంటుంది. తెరిచి ఉన్నప్పుడు మాటతోపాటు ఫ్యానూ కీబోర్డూ అన్నీ లోపలికొస్తాయి. మూసి ఉంటే ఏదీ రాదు. వచ్చేది అక్క గొంతా, ఎంటర్ బటనా అన్నది దానికి తెలియదు. తెలిసినవి రెండే: శబ్దం ఎంత పెద్దది, ఎంతసేపు ఉంది. అందరూ మొదటిదాన్ని పట్టుకుని తిప్పుతుంటారు. మాట కొస తెగకుండా కాపాడేది రెండోది.

ఇది తెలుగువాళ్లకు మరీ ముఖ్యం. మన మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి, అజంత భాష అని బడిలో చెప్పేది ఇదే. ఆ చివరి అచ్చు, ముఖ్యంగా వాక్యం చివర వచ్చే "ఉ", చాలా పొట్టిది, చాలా మెత్తనిది. వచ్చాడు, లేదు, చెప్పాను: ఏ మాటైనా మామూలుగా పలికి వినండి. "చా", "లే", "ప్పా" దగ్గర గొంతు నిండుగా ఉంటుంది, "డు", "దు", "ను" దగ్గరికొచ్చేసరికి ఊపిరి అయిపోయినట్టు జారిపోతుంది. తమాషా ఏమిటంటే, ఎవరు చేశారన్న సంగతి మన భాషలో ఆ జారిపోయే ముక్కలోనే ఉంటుంది. ఇంగ్లీషులో ఆ "ఎవరు" వాక్యం మొదట్లోనే నిలబడుతుంది. మనం కర్తను మింగేసి, క్రియ తోకకు కట్టేస్తాం. తోక తెగితే మనిషి మారిపోతాడు.

ఆదివారం అక్క ఇంటికి వెళ్లాను. సెట్టింగుల జోలికి వెళ్లకుండా ముందు గేట్ తీసేసి నాలుగు రికార్డింగులు చేయించాను. ఏమీ మాట్లాడకుండా పది సెకన్లు గది. మాట్లాడకుండా ఉత్త టైపింగ్, మధ్యలో స్పేస్‌బార్, ఎంటర్. రెండు మూడు వాక్యాలు చదివి మధ్యలో మామూలుగా ఊపిరి తీసుకోవడం. చివరగా చిన్న చిన్న వాక్యాలు: "వాడు రాలేదు. నేను చెప్పలేదు. ఆయన పది వేలు ఇచ్చాడు. పుస్తకం చెట్టు కింద ఉంది. సరే, హాయిగా కూర్చోండి."

ఈ రికార్డింగులను ఆడాసిటీలో తెరిచి చూశాం. అందులో శబ్దం కొలత డెసిబెల్స్‌లో, అంటే డీబీల్లో ఉంటుంది. సున్నా అనేది పైకప్పు. మామూలు శబ్దాలన్నీ దానికి కిందే కాబట్టి అన్నిటి ముందూ మైనస్ గుర్తు ఉంటుంది. సున్నాకు ఎంత దగ్గరైతే అంత పెద్ద శబ్దం. 6 డీబీలు తగ్గితే అల ఎత్తు దాదాపు సగమైనట్టు లెక్క.

అక్క మాటల్లో నిండు అక్షరాలు -12 దగ్గర ఉన్నాయి. వాక్యం చివరి "డు", "దు" -38 దగ్గర. ఊపిరి -40. మామూలు అక్షరాల మీటలు -36, ఎంటర్, స్పేస్‌బార్ -30. ఫ్యానుతో సహా గది -54.

ఇక్కడ ఆగాలి. "డు" -38లో ఉంది, ఎంటర్ -30లో ఉంది. అంటే కాపాడుకోవాల్సిన మాట కొస కన్నా, ఆపాల్సిన టకటకే 8 డీబీలు పెద్దది. ఎంటర్‌ను ఆపేంత ఎత్తున గడప కడితే "డు" దాన్ని దాటలేదు. "డు" దాటేంత పల్లంలో కడితే ఎంటర్ దూకి వచ్చేస్తుంది. అక్క ఎంత తిప్పినా కుదరకపోవడానికి కారణం ఇదే. వీడియోలో చూపించిన అంకెలు ఆ వీడియో చేసినాయన గదికి, ఆయన మైకుకు సరిపోయినవి.

కాబట్టి గేట్ కన్నా ముందు మైకును కదిలించాలి. అక్క మైకు ల్యాప్‌టాప్ పక్కన టేబుల్ మీదే చిన్న స్టాండుపై ఉంది. నోటికి సుమారు 45 సెంటీమీటర్లు, కీబోర్డుకు జానెడు. మైకుకు నోటికన్నా కీబోర్డే దగ్గర చుట్టం. పైగా మీట నొక్కిన అదురు టేబుల్ చెక్కలోంచి స్టాండులోకి, స్టాండులోంచి మైకులోకి పాకుతోంది.

మైకును టేబుల్‌కు తగలకుండా ఒక చేతి స్టాండుకు బిగించి, నోటికి 15 సెంటీమీటర్లకు తెచ్చాం. దూరం మూడో వంతు అయింది కాబట్టి గొంతు మైకులో 9 డీబీలకు పైగా పెరిగింది. పెరిగినంత మేర గెయిన్ తగ్గించాం. గొంతు మళ్లీ -12కే వచ్చింది, మిగతావన్నీ కిందికి జారాయి. గది -63కి దిగింది. కీబోర్డు ఇంకాస్త ఎక్కువే తగ్గాలి, ఎందుకంటే మైకు దానికి దూరమైంది. ఆ మైకు కార్డియాయిడ్ రకం, ముందు నుంచి వచ్చేది బాగా వింటుంది, వెనక నుంచి వచ్చేది చాలా తక్కువ. అందుకని మైకు వీపు కీబోర్డు వైపు ఉండేట్టు తిప్పాం. మీటలు -50కి, ఎంటర్ -43కి పడ్డాయి. ఇప్పుడు "డు" ఎంటర్ కన్నా పైన ఉంది. ఈ పని చేయకుండా గేట్ మీట్లు తిప్పడమంటే చిల్లు బకెట్‌కు మూత వెతకడమే.

కానీ ఊపిరి మాత్రం లొంగలేదు. అదీ నోట్లోంచి వచ్చేదేగా! మైకు దగ్గరైతే మాట ఎంత పెరిగిందో ఊపిరీ అంతే పెరిగింది. మైకును నోటికి ఎదురుగా కాకుండా పెదవి మూలకు కాస్త పక్కగా పెడితే -44కి వచ్చింది. "డు"కూ ఊపిరికీ మధ్య తేడా 6 డీబీలే. అక్క కాస్త అలిసిపోయి వాక్యం చివర గొంతు దించితే ఆ తేడా కూడా ఉండదు. ఎత్తును బట్టి ఈ రెంటినీ విడదీయడం కుదరదు.

మరి దేన్ని బట్టి విడదీయాలి? "ఇచ్చాడు" అన్న చోట అలను సాగదీసి చూశాం. "చా" -12 దగ్గర గట్టిగా నిలబడింది. దాని వెనకే ఖాళీ లేకుండా "డు" అంటుకుని, జారుకుంటూ, ఆ మసక తోక ఓ 150 మిల్లీసెకన్లలో కలిసిపోయింది. సెకనులో వెయ్యో వంతు మిల్లీసెకను. ఆ తర్వాత దాదాపు 300 మిల్లీసెకన్ల ఖాళీ. అప్పుడు ఊపిరి. అంటే మాట కొస ఎప్పుడూ పెద్ద అక్షరాన్ని పట్టుకునే వస్తుంది, తల్లి కొంగు పట్టుకున్న పిల్లలా. ఊపిరి ఒంటరిగా, కాస్త ఆగి వస్తుంది. తల్లి దాటాక తలుపు కొద్దిసేపు పట్టుకుంటే పిల్ల కూడా లోపలికొస్తుంది, వెనకాల వచ్చేవాడు బయటే ఉంటాడు. గేట్‌లో ఆ తలుపు పట్టుకునే మీట పేరు హోల్డ్.

ఓబీఎస్‌లో మైకు పేరు దగ్గర ఫిల్టర్లలోకి వెళ్లి Noise Gate కలిపితే ఐదు మీటలు కనపడతాయి: Close Threshold, Open Threshold, Attack Time, Hold Time, Release Time. గడపలు రెండు ఎందుకంటే, ఒక్కటే ఉంటే శబ్దం ఆ గీత దగ్గర ఊగిసలాడినప్పుడల్లా తలుపు టపటపా కొట్టుకుంటుంది. అందుకే తెరవడానికి ఎత్తైన గీత, మూయడానికి పల్లపు గీత. తెరవాలంటే గట్టిగా తట్టాలి, ఒకసారి తెరుచుకున్నాక మెత్తగా మాట్లాడినా మూసుకోదు.

అక్క పెట్టుకున్న అంకెలు చూశాను. తెరిచే గీత -24, మూసే గీత -26, హోల్డ్ 50, రిలీజ్ 20. ఇంకేం కావాలి! "చా" అయిపోయి గొంతు -26 కిందికి దిగిన క్షణం నుంచి 50 మిల్లీసెకన్లు ఆగి, మరో 20లో తలుపు ఠక్కున పడిపోతోంది. అప్పటికి "డు" ఇంకా సగంలోనే ఉంది.

అంతేకాదు, మాట మధ్యలో కూడా తలుపు పడుతోంది. మన ద్విత్వాక్షరాలు గమనించండి. "ఇచ్చాడు"లో "చ్చ", "చెట్టు"లో "ట్ట" పలికేటప్పుడు నాలుక గాలిని పూర్తిగా బిగబట్టి ఆపుతుంది. ఆ ఆగడం సెకనులో పదో వంతు, నిదానంగా పలికితే అంతకన్నా ఎక్కువ. ఆ కాసేపు మైకులో దాదాపు నిశ్శబ్దం. గేట్ దాన్ని చూసి మాట అయిపోయిందనుకుంటుంది. హోల్డ్ 50 అయితే "ఇ" తర్వాత తలుపు మూసి, మళ్లీ "చా"కు హడావిడిగా తెరుస్తుంది, ఆ హడావిడిలో "చ" మొహం చెక్కుకుపోతుంది. తెలుగుకు హోల్డ్ 150కి తగ్గితే నాకు నమ్మకం ఉండదు.

మేం చివరికి స్థిరపడిన అంకెలివి. తెరిచే గీత -32. ఎంటర్ -43లో ఉంది కాబట్టి 11 డీబీల ఎడం, మరీ బలంగా కొడితే తప్ప తెరవలేదు. మూసే గీత -40, "డు"కు రెండు మెట్లు కింద, ఊపిరికి నాలుగు మెట్లు పైన. హోల్డ్ 160, రిలీజ్ 120. రెండూ కలిపితే 280. తలుపు పూర్తిగా మూసుకున్నాకే ఊపిరి మొదలవుతుంది. రిలీజ్ అంటే తలుపు మూసుకోవడానికి పట్టే సమయం. 20 అయితే విసిరేసినట్టు పడుతుంది, 120 అయితే చేత్తో పట్టుకుని దగ్గరికి వేసినట్టుంటుంది. హోల్డ్ లెక్క కాస్త తప్పినా రిలీజ్ సర్దుకుంటుంది, కొస తెగినట్టు కాక కరిగినట్టు వినపడుతుంది.

హోల్డ్ మంచిదన్నారు కదా అని 500 పెట్టేయకూడదు. అక్క అదీ చేసి చూసింది. అప్పుడు ప్రతి వాక్యం వెనకా ఊపిరి మొదలు వినపడి, మధ్యలో తెగిపోయింది. నిండు ఊపిరైతే మనిషి ఊపిరి పీల్చుకున్నట్టుంటుంది, సగం ఊపిరి ఎవరో నోరు నొక్కినట్టుంటుంది. విన్నాక అక్కే అంది, "ఇదేదో క్రైమ్ సీరియల్‌లా ఉందిరా" అని.

అటాక్ అంటే తెరుచుకోవడానికి పట్టే సమయం. ఓబీఎస్ తనంతట తాను 25 ఇస్తుంది. మేం 8కి తగ్గించాం. ఈ మీట కొసను కాదు, మొదలును చూసుకుంటుంది. "సరే"లో "స" మెత్తగా బుసకొట్టే శబ్దం, "హాయిగా"లో "హ" ఉత్త గాలి. గొంతు నిండుకునేది ఆ తర్వాతి అచ్చులోనే. తలుపు అచ్చుకు తెరిస్తే "సరే" కాస్తా "అరే" అవుతుంది, "హాయి" కాస్తా "ఆయి" అవుతుంది. ఓబీఎస్ గేట్ వచ్చిన శబ్దానికి వచ్చినప్పుడే స్పందిస్తుంది, ముందుచూపు లేదు. కాబట్టి "స" తనంతట తాను తెరవగలిగేంత పల్లంలో తెరిచే గీత ఉండాలి. అక్క "స" -29 దగ్గర ఉంది, అదృష్టం. "హ" మాత్రం ఇప్పటికీ కొద్దిగా నలుగుతుంది. పిల్లలెవరూ గమనించలేదు, నేనూ చెప్పలేదు.

ఈ గీతల ఎత్తు ఎక్కడ మొదలుపెట్టాలన్నదానికి నేను పాటించే పద్ధతి ఒకటుంది. గేట్‌ను ముందు ఏమీ పట్టనంత కిందికి దించేస్తాను, అంటే తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. అక్కడి నుంచి టైపింగ్ రికార్డింగ్ మోగుతుండగా ఒక్కో డీబీ పైకి తెచ్చుకుంటాను. ఎంటర్ ఆగిన చోట ఆగి, ఇంకో రెండు మూడు డీబీలు ఎక్కించి వదిలేస్తాను. పైనుంచి కిందికి వచ్చేవాళ్లు రొద మాయమైన సుఖంలో అక్కడే ఆగిపోతారు, మాట ఎంత పోయిందో చూసుకోరు.

పోయిందో లేదో తెలుసుకోవడానికి చెవి ఒక్కటే చాలదు. మనం రాసుకున్న వాక్యం మనకు ముందే తెలుసు కాబట్టి, తెగిన "డు"ను మనసు అతికించేసి వినిపిస్తుంది. అక్కకు తన క్లాసు రికార్డింగ్ విన్నా తేడా తెలియకపోవడానికి కారణం అదే. దీనికో ఉపాయం ఉంది, ఆడాసిటీలో రెండు నిమిషాల పని. రికార్డింగ్‌ను రెండు కాపీలు చేసి ఒకదాని కింద ఒకటి పెట్టండి. ఒకదానికి మాత్రమే Noise Gate వేయండి. తర్వాత ఆ కాపీకే Invert వేయండి, అంటే అల తలకిందులవుతుంది. ఇప్పుడు రెంటినీ కలిపి ప్లే చేస్తే, రెంటిలో ఒకేలా ఉన్నదంతా ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. మిగిలి వినపడేది గేట్ పారేసిన చెత్త మాత్రమే.

చెత్తబుట్ట తెరిచి చూసినట్టుంటుంది. అందులో ఊపిరి, టకటక, ఫ్యాను ఉంటే గేట్ బాగా పనిచేస్తున్నట్టు. అక్క పాత సెట్టింగులకు దగ్గరి అంకెలతో ఇలా విన్నాం. నిశ్శబ్దంలోంచి "డు... దు... ను... డు..." అని చిన్న చిన్న ముక్కలు పడ్డాయి, మధ్యమధ్య ఒక "ం". పుస్తకం, గ్రామం లాంటి మాటల చివరి సున్నా కూడా బుట్టలోకే పోతోందన్నమాట. అక్క మొహం చూడాల్సింది. "నెలంతా నా క్రియాపదాలన్నీ ఇక్కడున్నాయా!" అంది.

ఒక్కమాట. ఇలా తోక తెగడమే అందమైన చోటు కూడా ఉంది. 1980లలో పాశ్చాత్య పాప్ పాటల్లో డ్రమ్ము దెబ్బ పెద్ద హాల్లో మోగినట్టు ఉబ్బి, హఠాత్తుగా తెగిపోతుంది. లండన్‌లోని టౌన్‌హౌస్ స్టూడియోలో ఫిల్ కాలిన్స్ డ్రమ్ములు వాయిస్తుంటే ఇంజినీర్ హ్యూ పాడ్గమ్ పట్టుకున్న శబ్దం అది. పీటర్ గేబ్రియల్ 1980 ఆల్బమ్‌లోనూ, కాలిన్స్ 1981 పాట "ఇన్ ది ఎయిర్ టునైట్"లోనూ వినపడుతుంది. గది ప్రతిధ్వని తోకను గేట్‌తో కావాలనే నరికారు. డ్రమ్ముకు తోక లేకపోయినా దెబ్బ దెబ్బే. తెలుగు క్రియకు అలా కుదరదు.

ఇక తలుపు పూర్తిగా మూయాలా అన్న ప్రశ్న ఉంది. ఓబీఎస్ గేట్ మూసుకుంటే మొత్తం సున్నా. ఇయర్‌ఫోన్స్‌లో వినేవాళ్లకు అక్క మాట్లాడుతున్నప్పుడు వెనక ఫ్యాను సన్నగా ఉంటుంది, ఆపగానే లోకమంతా మాయమైపోతుంది, మళ్లీ మాటతో ఫ్యాను తిరిగొస్తుంది. ఫోన్ కట్టయిందేమో అన్న అనుమానం వస్తుంది. గది -63లో ఉంటే ఇది పెద్దగా తెలియదు. గది రొద పెరిగేకొద్దీ ఎబ్బెట్టుగా ఉంటుంది.

లైవ్ కాకుండా ముందే రికార్డు చేసే పాఠాలకైతే ఆడాసిటీ గేట్‌లో Level reduction అనే మీట ఉంది. మూసినప్పుడు ఎంత తగ్గించాలో అదే చెబుతుంది. -24 ఉంటే నేను -12 దగ్గరికి తెస్తాను. ఊపిరి పోదు, పక్క గదిలోకి వెళుతుంది. మాట కొస పొరపాటున గేట్‌కు చిక్కినా తెగదు, మసకబారుతుందంతే. అలవాటు లేని చేయి మొదట ఈ మీటనే పట్టుకోవాలని నా అభిప్రాయం. దీని వల్ల మిగతా పొరపాట్లన్నిటికీ శిక్ష తగ్గుతుంది. పైగా రికార్డింగ్ మీద పనిచేసే గేట్‌కు ముందున్నది చూసే వీలుంది కాబట్టి, ఆడాసిటీలో Attack 30 పెడితే శబ్దం గీత దాటడానికి 30 మిల్లీసెకన్ల ముందే తలుపు తెరవడం మొదలవుతుంది. "హాయి"లో "హ" అక్కడ క్షేమం.

గేట్ ఎక్కడ పెట్టాలన్నదాంట్లో కూడా అక్క ఒక చిన్న పొరపాటు చేసింది. ఓబీఎస్ ఫిల్టర్లు పైనుంచి కిందికి వరసగా పనిచేస్తాయి. అక్క పైన కంప్రెసర్, కింద గేట్ పెట్టింది. కంప్రెసర్ పెద్ద శబ్దాలను అణిచి, ఆ తర్వాత మొత్తాన్ని పైకి లేపుతుంది. అంటే ఊపిరీ ఎంటరూ మాటకు ఇంకా దగ్గరగా జరిగాక గేట్ దగ్గరికొస్తాయి. ఉన్న కాస్త ఎడమూ పోతుంది. గేట్‌ను పైకి జరిపాం, అంతే.

గేట్ చేయలేనిది ఒకటుంది, అక్కతో ముందే చెప్పాను. మాట్లాడుతూనే టైప్ చేస్తే ఆ టకటక ఏ సెట్టింగుకూ ఆగదు. తలుపు తెరిచే ఉంది కదా. కాబట్టి చెప్పాక కొట్టాలి, కొట్టాక చెప్పాలి. అక్కకు అది మొదటి నుంచీ అలవాటే. మాట చివరి అక్షరం పలికిన వెంటనే, హోల్డ్ ఇంకా నడుస్తుండగా ఎంటర్ కొడితే మాత్రం ఆ ఒక్క దెబ్బ లోపలికొస్తుంది. "ఇచ్చాడు" అని, ఒక్క క్షణం ఆగి, అప్పుడు ఎంటర్. రెండు రోజుల్లో చేతికొచ్చేసింది.

నాలుగైదు నెలలు బాగానే నడిచింది. మే నెలలో మళ్లీ ఫోన్. "ఒరేయ్, కూలర్ పెట్టాం. నేను మాట్లాడితే కూలర్ మాట్లాడుతోందట, నేను ఆగితే అదీ ఆగుతోందట." విజయవాడ ఎండల్లో కూలర్ ఆపమనే ధైర్యం నాకు లేదు. గది రికార్డింగ్ పంపమన్నాను. -63లో ఉండే గది -46కి ఎక్కింది. గేట్ తన పని తాను సరిగ్గానే చేస్తోంది, అందుకే ఇంత అసహ్యంగా ఉంది. తలుపు తెరిచినప్పుడల్లా కూలర్ హోరు, మూసినప్పుడల్లా శూన్యం.

Noise Gate తీసేసి, ఓబీఎస్‌లోనే ఉన్న Expander పెట్టమన్నాను. అది తలుపు కాదు, వాలు. గీతకు ఎంత కింద ఉంటే అంత ఎక్కువగా దించుతుంది. Ratio 2, Threshold -38 పెట్టించాను. కూలర్ గీతకు 8 డీబీల కింద ఉంది కాబట్టి ఇంకో 8 దిగి -54కి వెళుతుంది. వాక్యం చివర జారి -41కి పడిన "దు" 3 మాత్రమే దిగి -44 దగ్గర ఆగుతుంది. దిగుతుంది కానీ తెగదు. Release 150 అని చెప్పి ఫోన్ పెట్టేశాను.

ఆ రాత్రి నేనూ లైవ్‌లో కూర్చున్నాను. "ఇరవయ్యో తారీఖున ఐదు వేలు తిరిగి ఇచ్చాడు" అంది అక్క. "డు" దాకా వినపడింది. వెనక దూరంగా కూలర్ కూడా వినపడింది. చాట్‌లో ఎవరో రాశారు: "మేడమ్, మీ ఊళ్లో వాన పడుతోందా?"